ఆరు రెట్ల తేడా దారిలో ఎక్కడ కరిగిపోతుంది?

అందరికీ నమస్కారం. ఒక మనిషిని ఒక కిలోమీటరు తీసుకెళ్లడానికి విమానానికి ఎంత ఇంధన శక్తి కావాలి, రైలుకు ఎంత కావాలి అన్నది ఈ పూట మన లెక్క. వినడానికి ఒక్క భాగహారంతో తేలిపోయే విషయంలా ఉంటుంది. కానీ మీరు ఎక్కడ వెతికినా ఒక్కో చోట ఒక్కో జవాబు దొరుకుతుంది. జపాన్‌లో టోక్యో, ఒసాకాల మధ్య షింకాన్‌సెన్ అనే అతివేగపు రైలు నడిపే జేఆర్ సెంట్రల్ కంపెనీ, తన రైల్లో ఒక సీటుకు పట్టే శక్తి అదే దారిలో విమానం సీటుకు పట్టేదాంట్లో ఎనిమిదో వంతేనని చెబుతుంది. ఇంకొకరు రెండు రెట్ల తేడా మాత్రమే ఉందంటారు. ఖాళీగా తిరిగే రైలు కంటే నిండిన విమానమే నయం అనేవాళ్లూ ఉన్నారు. విచిత్రం ఏమిటంటే, వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు.

అందుకే నేను పై నుంచి ఒక అంకె చెప్పి ఊరుకోను. ఒక విమానాన్ని, ఒక రైలును తీసుకుని అడుగు నుంచి లెక్క కట్టుకుంటూ వస్తాను. మొదట్లో రెంటికీ ఆరు రెట్ల తేడా కనిపిస్తుంది. చివరికి వచ్చేసరికి అది రెండు రెట్లకు దిగుతుంది. మధ్యలో ఆ తేడా ఎక్కడెక్కడ కరిగిపోయిందో తెలిస్తే, తర్వాత ఎవరు ఏ అంకె చెప్పినా అది ఏ మెట్టు మీద నిలబడి చెబుతున్న మాటో మీకే తెలిసిపోతుంది.

విమానం ఎయిర్‌బస్ A320neo అనుకుందాం. సీట్లు 180, దూరం 1000 కిలోమీటర్లు. గాల్లో స్థిరంగా ఎగురుతున్నప్పుడు మనుషులు, సామాను, ఇంధనం అన్నీ కలిపి బరువు సుమారు 66 టన్నులు. రైలు విషయానికొస్తే ఒక ఇంజిన్, వెనక 10 బోగీలు, మొత్తం 600 సీట్లు, వేగం గంటకు 130 కిలోమీటర్లు. మనుషులతో కలిపి దాని బరువు సుమారు 580 టన్నులు. ఇది ఏ దేశపు రైలూ కాదు, లెక్క కోసం నేను కూర్చిన మామూలు దూరప్రయాణపు రైలు. అంకెలను గుండ్రం చేశాను. మన పనికి అంతకంటే కచ్చితత్వం అక్కర్లేదు.

ముందు ఇంధనం సంగతి పక్కన పెట్టి, లాగే బలం చూద్దాం. గాల్లో ఉన్న విమానం రెండు పనులు చేయాలి. గాలిని చీల్చుకుంటూ ముందుకు పోవాలి, తన బరువును కింద పడకుండా మోసుకోవాలి. ఈ రెండో పని ఉచితంగా జరగదు. రెక్కలు గాలిని కిందికి నెడుతూ ఉంటేనే విమానం పైన నిలుస్తుంది, ఆ నెట్టడానికి అయ్యే ఖర్చు కూడా వెనక్కి లాగే బలంగానే కనిపిస్తుంది. ఈ తరహా విమానాల్లో అన్నీ కలిపి బరువులో సుమారు పదిహేడో వంతు బలంతో ముందుకు తోస్తూ ఉండాలి. అంటే ప్రతి టన్నుకూ సుమారు 59 కిలోలు. ఇక్కడ కిలో అంటున్నది ఒక కిలో సంచిని చేత్తో పట్టుకుంటే అది కిందికి లాగే బలమని అనుకోండి. న్యూటన్లలో చెప్పొచ్చు గానీ, కిలోల్లో అయితే చేతికి తెలుస్తుంది.

రైలుకు బరువు మోయాల్సిన పని లేదు. ఆ పని నేల చేసి పెడుతుంది. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం ఆనే చోటు ఒక చిన్న నాణెం అంత ఉంటుంది, అక్కడ రెండూ దాదాపు నొక్కుకుపోవు. అందుకే దొర్లడానికి టన్నుకు ఒకటిన్నర కిలోల బలం సరిపోతుంది. మిగతాది గాలి. 130 వేగంలో గాలి, దొర్లుడు కలిపితే టన్నుకు సుమారు 3.7 కిలోలు.

59 ఎక్కడ, 3.7 ఎక్కడ? టన్నుకు పదహారు రెట్ల తేడా. రైలు అభిమానులు ఇక్కడే ఆగిపోతే బాగుండుననుకుంటారు. (నవ్వులు) కానీ మనం టన్నులను కాదు, మనుషులను మోస్తున్నాం. విమానం తయారుచేసేవాళ్లు ప్రతి కిలోకూ ప్రాణం పెడతారు. 66 టన్నులను 180 సీట్లకు పంచితే సీటుకు 370 కిలోలే పడుతుంది. రైలు బోగీ ఉక్కుతో చేసింది, గుద్దుకున్నా నలగకూడదు, 30 ఏళ్లు తిరగాలి. 580 టన్నులను 600కు పంచితే సీటుకు దాదాపు ఒక టన్ను. బరువు దగ్గర రైలు చాలా దుబారా మనిషి. ఈ దుబారా లెక్కలోకి తీసుకున్నాక విమానంలో ఒక సీటును ముందుకు తోయడానికి సుమారు 22 కిలోల బలం, రైల్లో 3.6 కిలోల బలం అని తేలుతుంది.

అంటే ఆరు రెట్లు. ఇది మొదటి మెట్టు. ఈ ఆరుకు కారణం ప్రకృతే గానీ ఎవరి సామర్థ్యమో, అసమర్థతో కాదు. నేల మోయడానికీ గాలి మోయడానికీ ఉన్న తేడా ఇది.

ఇప్పుడు ఇంధనం దగ్గరికి వద్దాం. విమానం ఇంజిన్ ఇంధనాన్ని తగలేస్తుందని చాలామంది అనుకుంటారు. ఇది సరి కాదు. 11 కిలోమీటర్ల ఎత్తున, చల్లటి పల్చటి గాలిలో, తాను ఏ వేగం కోసం తయారైందో ఆ వేగంలో పోతున్న ఆధునిక జెట్ ఇంజిన్ ఇంధనంలోని శక్తిలో సుమారు 36 శాతాన్ని ముందుకు తోసే పనిగా మారుస్తుంది. డీజిల్ రైలింజిన్‌లో ఇంజిన్ వరకు చూస్తే 40 శాతం దాకా రావచ్చు. కానీ ఆ తర్వాత జనరేటరు, మోటార్లు, కూలింగ్ ఫ్యాన్లు, కంప్రెసరు అన్నీ తమ వాటా తీసుకుంటాయి. చక్రం దాకా చేరేది సుమారు 30 శాతం. ఇంజిన్ల పోటీలో విమానమే కొంచెం పైన ఉంది.

ఈ లెక్కన 22 కిలోల బలంతో ఒక కిలోమీటరు తోస్తే విమానంలో సీటుకు 0.6 మెగాజౌళ్ల ఇంధనం పడుతుంది. రైల్లో 0.12. ఆరు రెట్లు ఐదు రెట్లయింది. మెగాజౌల్ అలవాటు లేనివాళ్ల కోసం ఒక మాట: లీటరు డీజిల్‌లో సుమారు 36 మెగాజౌళ్లుంటాయి, మనం బిల్లు కట్టే ఒక కరెంటు యూనిట్ అంటే 3.6 మెగాజౌళ్లు. పది యూనిట్లు ఒక లీటరు డీజిల్ అని గుర్తు పెట్టుకుంటే చాలు, మిగతాదంతా నోటిలెక్కే.

ఇప్పటివరకు రెండూ స్థిరంగా, సాఫీగా పోతున్నాయి. నిజం ప్రయాణంలో బయలుదేరడం, ఆగడం ఉంటాయి. విమానం 11 కిలోమీటర్ల ఎత్తుకు ఎక్కాలి. 66 టన్నులను అంత ఎత్తుకు చేర్చడానికి 7100 మెగాజౌళ్ల పని చేయాలి. స్థిరంగా ఎగిరే వేగం అందుకోవడానికి ఇంకో 1750. ఎక్కేటప్పుడు ఇంజిన్ అంత మెరుగ్గా పని చేయదు కాబట్టి దీనికి 600, 700 కిలోల ఇంధనం అవుతుంది. దీనిలో కొంత భాగం తిరిగి వస్తుంది. దిగేటప్పుడు ఇంజిన్లను దాదాపు ఐడిల్‌లో పెట్టి 150, 200 కిలోమీటర్లు జారుకుంటూ వస్తారు కదా, అది ఎక్కినప్పుడు దాచుకున్న శక్తే. నికరంగా పోయేది దాదాపు సగం. దీనికి తోడు నేల మీద టాక్సీయింగ్ చేసేటప్పుడు నిమిషానికి సుమారు 10 కిలోలు. రెండు చివర్లా కలిపి 20 నిమిషాలనుకుంటే 200 కిలోలు పోయాయి.

అన్నీ కలిపితే మన 1000 కిలోమీటర్ల ఫ్లైట్‌కు సుమారు 3 టన్నుల ఇంధనం. కిలోకు 43 మెగాజౌళ్ల చొప్పున 1,29,000 మెగాజౌళ్లు. 180 సీట్లతో, 1000 కిలోమీటర్లతో భాగిస్తే సీటుకు కిలోమీటరుకు 0.72. స్థిరంగా ఎగిరేటప్పుడున్న 0.6 ఇలా పెరిగింది.

దూరం తగ్గితే ఈ ఎక్కుడు ఖర్చు మీద పడే తీరు చూడండి. అదే విమానం 400 కిలోమీటర్లు పోతే సుమారు 1.6 టన్నులు తాగుతుంది. దూరం 60 శాతం తగ్గింది, ఇంధనం అంతగా తగ్గలేదు. సీటుకు కిలోమీటరుకు 0.95 దాటిపోతుంది. మొదట్లో చెప్పిన ఎనిమిది రెట్ల మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు కొంత తెలుస్తోంది కదా? టోక్యో, ఒసాకాల మధ్య రైలు దారి 500 కిలోమీటర్ల పైచిల్లర. విమానం అంతంత మాత్రపు దూరం పోయే దారిని తీసుకుని దాని పక్కన బాగా నునుపుగా మలిచిన రైలును నిలబెట్టారు. అబద్ధం కాదు, ఆ దారికి అది నిజం.

ఇక రైలు ఆగడాల సంగతి. ఇది చాలామంది పట్టించుకోని చోటు. 580 టన్నుల రైలు 130 వేగంలో పోతోందంటే దానిలో 376 మెగాజౌళ్ల చలన శక్తి ఉంటుంది. విమానంలో ఉన్నదానిలో అది నాలుగో వంతు కూడా లేదు. కానీ విమానం ఒక్కసారి వేగం అందుకుంటుంది, రైలు ప్రతి స్టేషన్‌లో మొదటి నుంచి మొదలుపెట్టాలి. డీజిల్ ఇంజిన్ అయితే ఆ 376 మెగాజౌళ్లు చక్రానికి అందించడానికి 1250 మెగాజౌళ్ల డీజిల్ కాల్చాలి. అంటే సుమారు 35 లీటర్లు. తర్వాతి స్టేషన్‌లో బ్రేకు వేయగానే అదంతా వేడిగా మారి పోతుంది. ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉన్నప్పుడు రైలు ఆగగానే బ్రేకుల దగ్గర వచ్చే కాలిన వాసన మీకు తెలిసే ఉంటుంది. ఆ వాసన 35 లీటర్ల డీజిల్ వాసన. స్టేషన్లు, పట్టాల మరమ్మతు చోట్ల వేగం తగ్గించడాలు అన్నీ కలిపి 1000 కిలోమీటర్లలో ఇలాంటివి 20 అనుకుంటే 700 లీటర్లు పోయినట్టే.

రెండోది ఏసీ, లైట్లు. బోగీకి సగటున 25 కిలోవాట్లు అనుకుంటే 10 బోగీలకు 250. విమానం 1000 కిలోమీటర్లు గంటన్నరలో పోతుంది. రైలుకు ఆగడాలతో కలిపి 11 గంటలు పడుతుంది. 11 గంటలపాటు 250 కిలోవాట్లు ఇవ్వడానికి సుమారు 800 లీటర్ల డీజిల్ కావాలి. నిదానంగా పోవడం వల్ల గాలి దగ్గర మిగిల్చుకున్నదానిలో కొంత ఇలా చల్లబరచడానికి పోతుంది. ఈ లెక్క నాకు ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది, ఎందుకంటే రైలు ఆలస్యం కూడా ఇంధనమే అని ఇది చెబుతోంది. సిగ్నల్ దగ్గర నిలబడిపోయిన రైలు లాగడానికి ఏమీ ఖర్చు పెట్టడం లేదు గానీ, లోపల జనం చల్లగానే కూర్చున్నారు.

స్థిరంగా పోవడానికి కిలోమీటరుకు 2 లీటర్లు, ఆగి మొదలవడానికి 0.7, ఏసీ, లైట్లకు 0.8. మొత్తం 3.5 లీటర్లు. అంటే 126 మెగాజౌళ్లు. 600 సీట్లతో భాగిస్తే 0.21. విమానానికి 0.72 అని చూశాం. ఐదు రెట్లు మూడున్నర రెట్ల దగ్గరికి వచ్చేసింది.

ఇప్పటికీ మనం సీట్లనే లెక్కపెడుతున్నాం, మనుషులను కాదు. సీటు కిలోమీటరు వేరు, ప్యాసింజర్ కిలోమీటరు వేరు. పోస్టర్ల మీద కనిపించే అంకెల్లో సగం గందరగోళం ఇక్కడే పుడుతుంది. విమాన కంపెనీలు టికెట్ ధరను గంటగంటకూ మార్చి మరీ సీట్లు నింపుకుంటాయి. 85 శాతం నిండటం మామూలే. అంటే మన విమానంలో 153 మంది. రైలు అలా కాదు. దారి మధ్యలో ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు ఉంటారు, ఒక వైపు కిక్కిరిసి వెళ్లిన రైలు రెండో వైపు ఖాళీగా రావచ్చు. దారి మొత్తం మీద సగటున 60 శాతం అనుకుందాం, 360 మంది. విమానంలో ఒక మనిషికి కిలోమీటరుకు 0.84 మెగాజౌళ్లు, రైల్లో 0.35. తేడా 2.4 రెట్లు.

ఈ మెట్టు దగ్గర కాసేపు ఆగుదాం. మన రైల్లో ఎంతమంది మాత్రమే ఉంటే అది విమానంతో సమానమవుతుంది? 126ను 0.84తో భాగించండి. 150 మంది. 600 సీట్ల రైల్లో 150 మంది, అంటే నాలుగో వంతు. అంతకంటే తక్కువమందితో తిరిగే డీజిల్ రైలు నిండిన విమానం కంటే ఎక్కువ ఇంధనం తాగుతుంది. ఖాళీ రైలు కంటే నిండిన విమానం నయం అన్న మాట ఇక్కడ నిజమవుతుంది. ఇంకో సంగతి, సీట్లకు బదులు పడక బెర్తులు పెడితే అదే బోగీలో సగంమందే పడతారు. 300 బెర్తుల్లో 240 నిండినా మనిషికి 0.52 అవుతుంది. ఇంజిన్ అదే, పట్టాలు అవే, పడుకుని వెళ్లినందుకు ఒకటిన్నర రెట్లు. విమానంలో బిజినెస్ క్లాసుకూ ఇదే సూత్రం. ఒకరు కాళ్లు బార్లా చాపుకునే చోట ఇద్దరో ముగ్గురో కూర్చోవచ్చు, కాబట్టి ఆ ఇంధనం ఆ ఒక్కరి ఖాతాలోనే రాయాలి.

చివరి మెట్టు కిలోమీటరు. దీన్ని ఎవరూ అనుమానించరు. కిలోమీటరు కిలోమీటరే కదా అనుకుంటారు. విమానం దాదాపు తిన్నగా పోతుంది. పట్టాలు కొండలను, నదులను చుట్టుకుంటూ, మధ్యలో ఉన్న ఊళ్లను కలుపుకుంటూ పోతాయి. విమానానికి 1000 ఉన్న చోట రైలుకు 1200 ఉండటం మామూలు విషయం. విమానమూ పూర్తిగా తిన్నగా పోదనుకోండి. దాని కోసమే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో తన కార్బన్ లెక్కల్లో రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దూరానికి కొంత కలుపుతుంది. 550 కిలోమీటర్ల లోపైతే 50, 5500 లోపైతే 100, ఆ పైన 125. మన 3 టన్నుల్లో ఆ చుట్టు తిరుగుడు కూడా ఉందనుకుని, 1000తోనే భాగించాం. అలా కాకుండా నిజంగా ఎగిరిన 1100తో భాగిస్తే విమానం ఉన్నట్టుండి 9 శాతం మెరుగైపోతుంది, ఒక్క చుక్క ఇంధనం మిగలకుండానే.

అందుకని కిలోమీటర్లు వదిలేసి, ఇక్కడి నుంచి అక్కడికి ఒక మనిషి చేరడానికి అయ్యే మొత్తం చూద్దాం. విమానంలో 843 మెగాజౌళ్లు, అంటే 24 లీటర్ల పైచిల్లర విమాన ఇంధనం. రైల్లో 1200 కిలోమీటర్లకు 420 మెగాజౌళ్లు, 12 లీటర్ల లోపు డీజిల్. రెండు రెట్లు. ఆరుతో మొదలుపెట్టి రెండుకు వచ్చాం.

మీలో కొందరు ఇప్పటికే అసహనంగా కదులుతున్నారు. డీజిల్ ఎవరు వాడుతున్నారండీ, ఇప్పుడంతా కరెంటు కదా అని. ఆ ప్రశ్నకే వస్తున్నాను, ఎందుకంటే అసలు చిక్కు అక్కడుంది.

అదే రైలును పైన వైరు నుంచి కరెంటు తీసుకునే ఇంజిన్‌తో లాగుదాం. చక్రం దగ్గర కావలసిన బలం మారదు. కానీ వైరు నుంచి చక్రానికి మధ్య పోయేది 15 శాతమే. బ్రేకు వేసినప్పుడు మోటార్లే జనరేటర్లయి కొంత కరెంటును వైరులోకి తిరిగి పంపుతాయి, ఆ కాలిన వాసన కొంత తగ్గుతుంది. ఏసీకి కూడా కరెంటు నేరుగా వస్తుంది. అన్నీ కలిపితే కిలోమీటరుకు సుమారు 40 మెగాజౌళ్లు, అంటే 11 యూనిట్లు. 360 మందికి పంచితే మనిషికి 0.11 మెగాజౌళ్లు. విమానానికి 0.84. ఏడున్నర రెట్లు! మళ్లీ మొదటి మెట్టు కంటే పైకి ఎగిరిపోయాం.

కానీ ఇక్కడ మనం రెండు వేర్వేరు చోట్ల మీటరు పెట్టాం. విమానం దగ్గర ట్యాంకులో పోసిన ఇంధనం కొలిచాం, రైలు దగ్గర వైరులో వచ్చిన కరెంటు కొలిచాం. ఇంధనాన్ని కాల్చి పనిగా మార్చేటప్పుడు పోయే మూడింట రెండు వంతులు విమానం ఖాతాలో పడ్డాయి. రైలు ఖాతాలో ఆ నష్టం పడలేదు. అది ఎక్కడో దూరాన ఉన్న పవర్ స్టేషన్ చిమ్నీలోంచి, కూలింగ్ టవర్‌లోంచి పోయింది, మన మీటరు దాన్ని చూడలేదు. బొగ్గుతో నడిచే పవర్ స్టేషన్ 35 శాతం సామర్థ్యంతో నడుస్తోందని, లైన్లలో, సబ్‌స్టేషన్లలో ఇంకో 10 శాతం పోతోందని అనుకుంటే, వైరులో వచ్చే ఒక యూనిట్ వెనక మూడు యూనిట్ల పైచిల్లర బొగ్గు ఉంటుంది. 0.11ను 3.17తో గుణించండి. 0.35.

ఈ 0.35 మనం ఇందాక చూసిందే. డీజిల్ రైలుకు వచ్చిన అంకె! బొగ్గు కరెంటుతో నడిచే రైలు, డీజిల్ రైలు ఇంధన శక్తి లెక్కలో దాదాపు ఒకటే. ఏడున్నర, 2.4 రెండూ ఒకే రైలు అంకెలే, మీటరు పెట్టిన చోటు మాత్రం వేరు. అందుకే ఎవరైనా రైలుకు 0.1 దగ్గరలో అంకె చెబితే అది వైరు దగ్గర కొలిచిందని మీరు ధైర్యంగా అనుకోవచ్చు. విమానానికి 0.6 కంటే తక్కువ చెబితే అది ఖాళీ సీట్లను వదిలేసో, ఎక్కడం, దిగడం వదిలేసో కట్టిన లెక్కేమో చూసుకోవాలి.

జలవిద్యుత్తు, గాలి, ఎండ నుంచి వచ్చే కరెంటు అయితే కాల్చిన ఇంధనం అంటూ లేదు, అక్కడ 0.11 అనే చెప్పొచ్చు. నా అభిప్రాయం అడిగితే, రైలుకున్న అసలు లాభం ఇదే. ఈ రోజు బొగ్గు కరెంటుతో నడుస్తున్న రైలు, రేపు గ్రిడ్ మారితే ఒక్క బోల్టు మార్చకుండా 0.35 నుంచి 0.11 వైపు జరుగుతుంది. విమానానికి ఆ దారి లేదు. 1000 కిలోమీటర్లు 180 మందిని మోసే బ్యాటరీ దాన్ని నేల మీద నుంచి లేవనివ్వదు.

వేగం సంగతి కూడా చెప్పి ప్రశ్నలకు వెళ్దాం. గాలి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది. 130 నుంచి 300కు పోతే ఆకారం మారకపోతే గాలి బలం ఐదు రెట్లు దాటుతుంది. ముక్కు సాగదీసి, బోగీల మధ్య సందులు మూసి, కింద రేకులు బిగించి దానిలో సగం దాకా తిరిగి రాబట్టుకోవచ్చు. బోగీలు తేలికైనా, ఆగే స్టేషన్లు తగ్గినా, ప్రయాణం తక్కువ గంటల్లో ముగిసి ఏసీ ఖర్చు తగ్గినా ఇంకొంత కలిసొస్తుంది. అయినా 300లో పోయే రైలు 130లో పోయే రైలు కంటే ఎక్కువే తింటుంది. అది చాలావరకు నిండి తిరుగుతుంది కాబట్టి మనిషికి వచ్చేసరికి అంత కనిపించదు.

ప్రశ్న: సార్, రైలు ఎలాగూ పోతుంది, విమానం ఎలాగూ పోతుంది. నేను ఒక్కడిని ఎక్కితే అదనంగా అయ్యేదెంత? అది కదా నా అసలు ఖర్చు?

చాలా మంచి ప్రశ్న, లెక్క కూడా కట్టొచ్చు. మీరూ మీ సామానూ కలిపి 100 కిలోలు అనుకుందాం. విమానం బరువు ఆ మేరకు పెరిగితే 1000 కిలోమీటర్లకు అదనంగా సుమారు 4 కిలోల ఇంధనం, అంటే 5 లీటర్లు. సగటు 24 లీటర్లలో ఐదో వంతు. రైల్లో మీ 100 కిలోలు దొర్లడానికి, ప్రతి స్టేషన్ తర్వాత మళ్లీ వేగం అందుకోవడానికి కలిపి 1200 కిలోమీటర్లకూ లీటరులో మూడో వంతు కూడా పట్టదు. అంటే ఈ లెక్కలో తేడా 15 రెట్ల పైనే, రైలు పక్షానే.

ప్రశ్న: అయితే ఇదే సరైన అంకె కదా, రెండు రెట్లని ఎందుకు చెబుతున్నారు?

ఒక్క ఖాళీ సీటు విషయంలో ఇదే సరైన అంకె. కానీ ఈ లెక్క ప్రకారం విమానంలో ఉన్న 153 మందీ నేను అదనపు మనిషినే అనొచ్చు. అందరూ తలా 5 లీటర్లు తీసుకుంటే 765 లీటర్లే పంచినట్టు. కాలింది 3750 లీటర్లు. మిగతా 3000 లీటర్లు ఎవరివి? విమాన కంపెనీ ఏ దారిలో ఎన్ని ఫ్లైట్లు వేయాలో టికెట్ల అమ్మకం చూసే తేల్చుకుంటుంది. ఒక దారిలో సీట్లు వరుసగా నిండిపోతుంటే ఇంకో ఫ్లైట్ వేస్తుంది, అప్పుడు ఆ మూడు టన్నులూ కొత్తగా కాలతాయి. రైలు అంత తొందరగా స్పందించదు. టైంటేబుల్ ఏడాదికోసారి మారుతుంది, 600 సీట్ల రైల్లో 360 మంది ఉన్నారంటే ఇంకా 240 మందికి చోటుంది. కాబట్టి విమానానికి సగటు అంకె వాడటం చాలావరకు న్యాయం. సగం ఖాళీగా పోయే రైలుకు మాత్రం మీ మూడో వంతు లీటరే నిజానికి దగ్గర, ఆ రైలు నిండి ఇంకో రైలు వేయాల్సి వచ్చేదాకా.